తొలి ఏకాదశికి తెలుగులో ఒక అభంగం: నా అనుభవం

మాది నిజామాబాద్ జిల్లాలో మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరి ఊరు. మా భజన మండలి చాలా ఏళ్ళుగా పంఢరపురం విఠలుడి మీద మరాఠీ భక్తిపాటలైన అభంగాలే పాడుతోంది. పంఢరపురంలో ఆషాఢ ఏకాదశి అంటే మనకు తొలి ఏకాదశి. ఆ రోజుకు అందరూ కలిసి పాడే పల్లవితో తెలుగులో ఒకటి రాయమని మండలి వాళ్ళు నన్ను అడిగారు. విషయం కూడా వాళ్ళే చెప్పారు: స్వామి కోసం ఎదురుచూడటంలోని సంతోషం.

అభంగాల్లో ఎక్కువగా వినిపించే కొలత నాలుగు పాదాలది. మొదటి మూడు పాదాలకు ఆరేసి అక్షరాలు, నాలుగోదానికి నాలుగు. రెండో పాదం, మూడో పాదం చివర ప్రాస కలవాలి. లఘువు, గురువు లెక్క లేదు. ఒత్తున్న అక్షరమైనా ఒకటే, పొల్లును లెక్కించరు. పద్యాల గణాలకు అలవాటుపడిన చెవికి ఇది మొదట వదులుగా అనిపిస్తుంది. పాడితే గానీ పట్టు తెలియదు. ఆరు అక్షరాలూ నడిచి వచ్చాక నాలుగక్షరాల పాదం దగ్గర పాట ఆగుతుంది. అక్కడ చివరి అక్షరాన్ని సాగదీస్తారు, తాళాలు వినిపిస్తాయి, గుంపు ఊపిరి తీసుకుంటుంది.

అందుకే పల్లవిని చివరి నుంచి మొదలుపెట్టాను. అందరూ కలిసి అనాల్సిన ఆ నాలుగక్షరాలు ముందు దొరకాలి. ‘మురిసేను’ అని రాసుకుని, పాడేది గుంపు కదా అని ‘మురిసేము’ చేశాను. తర్వాత మిగతా మూడు పాదాలు వచ్చాయి:

విఠలా నీ కోసం
వాకిట నిలిచి
నీ పేరే పిలిచి
మురిసేము

ప్రాస దగ్గర తెలుగులో ఒక చిక్కుంది. ‘చూసి, వేచి’ లాంటి క్రియలన్నీ ఇకారంతో ముగుస్తాయి కాబట్టి ప్రాస కుదిరినట్టే ఉంటుంది. వంద గొంతులు కలిసినప్పుడు అది వినబడదు. నిలిచి, పిలిచి అన్నప్పుడు చివరి రెండక్షరాలూ, వాటి ముందున్న అచ్చూ కలిశాయి. అలా కలిస్తే వెనక వరసలో కూర్చున్నవాళ్ళు కూడా తర్వాతి మాటను ముందే అందుకుంటారు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది సంతోషం. ఎదురుచూపు అనగానే మన పాటల్లో విరహమే వస్తుంది. ‘ఎప్పుడొస్తావు, ఎందుకు రావు’ అని ఒక్క ప్రశ్న పడినా పాట ఫిర్యాదు అయిపోతుంది. అందుకే ప్రశ్నలన్నీ తీసేశాను. పంఢరపురం కథలోనే దానికి ఆధారం దొరికింది. పుండలీకుడు తల్లిదండ్రుల సేవలో ఉండి, వచ్చిన దేవుడి వైపు ఒక ఇటుక విసిరి కాసేపు దాని మీద నిలబడమన్నాడు. స్వామి నడుము మీద చేతులు పెట్టుకుని ఇప్పటికీ అలాగే నిలబడి ఉన్నాడు. అంటే మనకంటే ముందు నుంచీ ఆయనే ఎదురుచూస్తున్నాడు. ఈ మాట తట్టాక నా గుండె తేలికపడింది, చరణం వచ్చేసింది:

పుండలీకు కోసం
నిలబడ్డ నీవు
ఇటుకే నీ తావు
కదలవు

దీని వెనకే పల్లవి అందుకుంటే, ఆయన అక్కడ నిలబడ్డాడు, మేమిక్కడ నిలబడ్డాం అన్న అర్థం దానంతటదే వస్తుంది. ప్రతి చరణం చివరా ఇది సరిచూసుకోవాలి. చరణం తనలో తాను పూర్తిగా ముగిసిపోతే పల్లవి అతికించినట్టు ఉంటుంది.

మృదంగం వాయించే కాక పాట విని, “మాటలు మంచిగున్నయి బిడ్డా, పల్లవి ఒక్కసారి అంటే సరిపోదు. నేను అన్నంక వాళ్ళు మళ్ళ అనాలె” అన్నాడు. భజని ఠేకా అనే తాళంలో ఎనిమిది మాత్రలకు పాడించి చూశాడు. ఒకరు అంటే మిగతావాళ్ళు తిరిగి అనడంతో ‘మురిసేము’ మాట రెండుసార్లు వచ్చి, రెండోసారి నిజంగా అందరిదీ అయింది. ఈ పాటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

చివరి చరణంలో అభంగం రాసినవారి ముద్ర ఉండాలి. తుకారాం మహరాజ్ అభంగాల్లో ‘తుకా మ్హణే’, అంటే తుకా అంటున్నాడు, అని వచ్చేది అదే. పల్లవి అందరిదైనప్పుడు అక్కడ నా ఒక్కడి పేరు పెట్టబుద్ధి కాలేదు:

మండలి పలికె
రావు నేడు అన్నా
రేపు మాదే కన్నా
తండ్రీ రారా

కన్నా, తండ్రీ అని మనం పిల్లల్ని పిలుచుకునే ముద్దు దేవుడికీ చెల్లుతుందనిపించింది.

ఏకాదశి నాడు పాడాక పక్క ఊరి భజన వాళ్ళు పాట రాసిమ్మన్నారు. ‘మండలి’ ఉన్న చోట తమ ఊరి పేరు పెట్టుకోవచ్చా అని అడిగారు. మూడక్షరాల పేరైతే నేరుగా సరిపోతుంది. వాళ్ళది నాలుగక్షరాలు. ‘పలికె’ తీసేసి ‘అనె’ అని రాసిచ్చాను.