త్రికటు చూర్ణం: నాకు ఇచ్చారు, నాయనకు వద్దన్నారు

కార్తీకంలో పట్టిన జలుబు తగ్గిపోయినా కఫం మాత్రం నన్ను వదల్లేదు. పొద్దున లేవగానే తెల్లగా, జిగటగా తెమడ, ఎంత దగ్గినా సులువుగా ఊడి రాదు. మధ్యాహ్నం తిన్నది పొద్దుగూకే దాకా కడుపులో బరువుగానే ఉండేది. నాలుక మీద తెల్లటి పూత, అన్నం వేళకు ఆకలి లేదు. అవే రోజుల్లో నాయనా దగ్గుతున్నాడు. అమ్మ మా ఇద్దరికీ ఒకటే మందు చెప్పింది: "శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు సమానంగా దంచి తేనెలో కలుపుకొని నాకండి, రెండ్రోజుల్లో పోతుంది."

నాయన బీపీ మాత్రలు వేసుకుంటాడు కాబట్టి ముందు అడిగి వాడదామని, ఇద్దరం తిరుపతిలో తితిదే వారి ఆయుర్వేద ఆసుపత్రికి పోయినాం. డాక్టరమ్మ నాడి చూసే ముందే చాలా ప్రశ్నలు వేసింది. తెమడ వస్తుందా, ఏ రంగు? దగ్గు ఏ వేళ ఎక్కువ? పడుకుంటే పెరుగుతుందా? గుండెల్లో మంట, పులితేన్పులు ఉన్నాయా? ఏ మాత్రలు వేసుకుంటున్నారు, ఎన్నాళ్ళుగా? దగ్గు మొదలై ఎన్ని వారాలైంది? జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం లాంటివేమైనా ఉన్నాయా?

నాది కఫం దగ్గు, జీర్ణశక్తి మందగించింది, మంట లేదు. అందుకని అమ్మ చెప్పిన ఆ మూడింటి పొడి, అంటే త్రికటు, సరేనంది. నాయనది పొడి దగ్గు. తెమడ రాదు, గొంతులో గరగర, పైగా రాత్రి పడుకుంటే ఛాతీలో మంట. "పెద్దాయనకు ఇది వద్దమ్మా. మూడూ కలిస్తే వేడి చేస్తాయి, ఎండబెడతాయి. కఫం ఉంటే కరిగిస్తాయి, లేని చోట గొంతును ఇంకా ఎండగొడతాయి, మంటను పెంచుతాయి" అంది. నాయన మందుల చీటీ తీసి చూస్తే అందులో రామిప్రిల్ ఉంది. ఆ జాతి బీపీ మాత్రలతో కొందరికి పొడి దగ్గు వస్తుందట. మాత్ర సొంతంగా మానొద్దని, రాసిచ్చిన డాక్టరుకు ఈ సంగతి చెప్పమని పంపింది.

సరుకు గాంధీ రోడ్డు దగ్గర మూలికల అంగడిలో కొన్నాను. పిప్పళ్ళు అడిగితే అంగడాయన రెండు రకాలు చూపించాడు. "ఈ పెద్దవి గజపిప్పళ్ళక్కా, మీకు కావాల్సింది ఈ చిన్నవి" అన్నాడు. ఆ రెండూ వేర్వేరు మొక్కలవి. మోడి అని అమ్మేది పిప్పలి వేరు, దాని వాడకం వేరు. మంచి పిప్పలిని విరిస్తే లోపల బోలుగా ఉండదు, పురుగు పొడి రాలదు. కొరికితే మొదట కాస్త తీపిగా అనిపించి, తర్వాత కారం ఎక్కి నాలుక తిమ్మిరి పడుతుంది. అది లేకపోతే పాత సరుకన్న మాట. మిరియాల్లో బొప్పాయి గింజలు కలుపుతారు. ఇంటికొచ్చి గ్లాసు నీళ్ళలో వేస్తే గట్టి మిరియం మునుగుతుంది, బొప్పాయి గింజ తేలుతుంది. తాలు మిరియాలూ తేలతాయి కాబట్టి, తేలినవాటిని చేతిలోకి తీసుకొని చూసి ఏరాలి. శొంఠి మరీ తెల్లగా మెరుస్తుంటే పైన సున్నం పూసి ఉంటారు. అందుకే గోధుమ రంగువి తెచ్చి, పైపొట్టు కత్తితో గీకేశాను.

నీళ్ళలో వేసి చూసిన మిరియాలను వాడలేదు. మిగిలినవాటిని ఎండలో పెట్టి, తర్వాత సన్న సెగ మీద వేటికవి వాసన వచ్చే దాకా వెచ్చబెట్టాను. రంగు మారనివ్వకూడదు, మాడితే ఘాటంతా పోతుంది. శొంఠిని రోట్లో ముక్కలు చేశాకే మిక్సీలో వేశాను, లేకపోతే బ్లేడు నిలవదు. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. మూడింటినీ విడివిడిగా పొడి చేసి, పల్చటి గుడ్డలో జల్లించి, ఆ తర్వాతే తూచాలి. శొంఠిలో పీచు ఎక్కువ, జల్లిస్తే చాలా భాగం గుడ్డలోనే ఉండిపోతుంది. ముందే సమానంగా తూచి కలిపి దంచితే చివరికి పొడిలో శొంఠి తగ్గి, మిరియం, పిప్పలి ఘాటు మిగులుతుంది. నేను జల్లించిన పొడులు పది గ్రాముల చొప్పున కలిపి, తడిలేని గాజు సీసాలో పోసి మూత బిగించాను. ముప్పై గ్రాములు ఇంటికి ఎక్కువే. నెలలు గడిస్తే వాసన పోతుంది, ఉండ కడితే పారేయడమే.

డాక్టరమ్మ చెప్పిన మోతాదు పూటకు అర గ్రాము, అంటే గీసినట్టు పావు టీస్పూను. మధ్యాహ్నం భోజనంలో మొదటి ముద్దలో నెయ్యితో తినేదాన్ని, ఆకలి కోసం. రాత్రి తిన్నాక ఒక చెంచా తేనెలో రంగరించి మెల్లగా నాకేదాన్ని, దగ్గు కోసం. తేనెను వేడి చేయకూడదంది. షుగరు ఉన్నవాళ్ళు తేనెకు బదులు గోరువెచ్చని నీళ్ళతో తీసుకోవచ్చట. ఏడాది నిండని పిల్లలకు తేనె అసలు నాకించకూడదు.

మొదట్లో దగ్గు కాస్త పెరిగినట్టే అనిపించింది గానీ తెమడ పల్చబడి సులువుగా వచ్చింది. తర్వాత నాలుక మీద పూత తగ్గింది, పన్నెండయ్యేసరికి ఆకలి తెలిసింది. కడుపు బరువు పోయాక దగ్గూ తగ్గుతూ వచ్చింది. నోరు ఎండడం, ఛాతీలో మంట, నోటి పూత, మూత్రంలో గానీ విరేచనంలో గానీ మంట కనిపిస్తే ఆ పూటే ఆపేయమని ముందే చెప్పింది.

మంట లేకపోయినా వారం పది రోజులు దాటించొద్దంది. చరక సంహిత విమానస్థానంలోనే పిప్పలి, క్షారం, ఉప్పు ఈ మూడింటినీ అతిగా, ఎడతెగకుండా వాడొద్దని ఉందట. పిప్పలి మొదట మేలు చేసినా, అదేపనిగా వాడితే దోషాలను పోగేస్తుందని అక్కడ కారణం కూడా చెప్పారు. దగ్గు రెండు వారాలు దాటితే చూర్ణాలతో కాలం గడపకుండా తెమడ పరీక్ష చేయించాలి. క్షయ అయితే తెలిసేది అక్కడే.

ఇంకో సంగతి నేను ఊహించనిది. మిరియంలో, పిప్పలిలో పైపెరిన్ అనే పదార్థం ఉంటుంది. పేగుల్లో, కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములను అది నెమ్మదింపజేస్తుంది. దాంతో వేసుకున్న మాత్ర రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. ఈ గుణాన్ని వాడుకొనే, క్షయకిచ్చే రిఫాంపిసిన్‌ను తక్కువ మోతాదులో పైపెరిన్‌తో కలిపి మన దేశంలో గుళిక తయారు చేశారు. మందు తయారుచేసేవాళ్ళు లెక్కగట్టి కలిపితే మేలే. ఇంట్లో లెక్క లేకుండా కలిస్తే ప్రమాదం. మూర్ఛకు ఫెనిటాయిన్, ఆయాసానికి థియోఫిలిన్, గుండెకు ప్రొప్రనలాల్ వేసుకునేవాళ్ళు, రక్తం పలచబడే మాత్రల మీద ఉన్నవాళ్ళు అడగకుండా ఈ చూర్ణం ముట్టకూడదు. కడుపులో పుండ్లు ఉన్నవాళ్ళకూ, గర్భిణులకూ వద్దు. చారులో వేసే మిరియాల సంగతి వేరు, చూర్ణంగా రోజూ తినడం వేరు.

నాయన మాత్రను గుండె డాక్టరు టెల్మిసార్టన్‌కు మార్చాడు. దగ్గు వెంటనే ఆగలేదు. కొన్ని వారాలు పట్టొచ్చని ఆయన చెప్పినట్టే, మెల్లమెల్లగా పోయింది. రాత్రి మంటకు పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే భోజనం ముగించమన్నారు, తల వైపు మంచం కాస్త ఎత్తు పెట్టమన్నారు. ఇప్పుడు ఎనిమిదికంతా ఆయనకు అన్నం పెట్టేస్తున్నాం.