ఫ్రిజ్ మీది స్టార్ల కంటే వాటి కింది అంకె ముఖ్యం: నా అనుభవం

మా పాత ఫ్రిజ్ కంప్రెసర్ పోయింది. రిపేరుకు పెట్టే డబ్బు దండగనిపించి, తిరుపతి తిలక్ రోడ్డులోని ఒక షాపుకు వెళ్లాను. అక్కడి కుర్రాడు మొదటే "అన్నా, త్రీ స్టార్ తీసుకోండి, కరెంటు బిల్లు బాగా తగ్గుతుంది" అన్నాడు. ఎంత తగ్గుతుందని అడిగితే మాత్రం నవ్వేశాడు.

ఆ జవాబు లేబుల్ మీదే ఉంటుంది. స్టార్ల కింద పెద్ద అక్షరాల్లో ఉండేది ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో చెప్పే అంకె. నాకు నచ్చిన రెండు డబుల్ డోర్లూ దాదాపు ఒకే సైజు. త్రీ స్టార్‌ మీద 190, టూ స్టార్‌ మీద 235 ఉంది. అంటే తేడా ఏడాదికి 45 యూనిట్లు.

దీన్ని రూపాయల్లోకి మార్చేటప్పుడు చాలామంది మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి సగటు రేటు వేస్తారు. నేను అలా వేయలేదు. మన స్లాబుల్లో తగ్గే యూనిట్లు పైనుంచే తగ్గుతాయి. మా ఇంట్లో మామూలు నెలల్లో 200 యూనిట్ల దాకా వస్తుంది, అంటే చివరి యూనిట్ ధర 6 రూపాయలు. ఎండాకాలం ఏసీతో 225 దాటితే అదే 8.75 అవుతుంది. మూడు నెలలు ఆ రేటు, మిగతా నెలలు 6 చొప్పున వేస్తే ఏడాదికి సుమారు 300 రూపాయలు మిగులుతాయి. సర్దుబాటు చార్జీలు కలిస్తే ఇంకొంచెం. రెండింటి ధరల్లో తేడా 2,000. అది తిరిగి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఫ్రిజ్ అంతకంటే ఎక్కువ కాలమే ఉంటుంది కాబట్టి త్రీ స్టారే తీసుకున్నాను. మీ ఇల్లు 75 యూనిట్ల లోపే నడుస్తుంటే చివరి యూనిట్ 3 రూపాయలే, అప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది.

ఇంకో మూల డిస్కౌంటులో ఫోర్ స్టార్ ఒకటి ఉంది. లేబుల్ చెల్లుబాటు తేదీ చూస్తే పాతది. స్టార్ల పట్టికను అప్పుడప్పుడూ కఠినం చేస్తారు కాబట్టి పాత ఫోర్, కొత్త ఫోర్ ఒకటి కావు. సింగిల్ డోర్, ఫ్రాస్ట్ ఫ్రీ రకాలకు కూడా వేర్వేరు పట్టికలు. ఆ రెండింటి స్టార్లు పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పైగా స్టార్ సైజును బట్టి ఇస్తారు, అందుకే పెద్ద త్రీ స్టార్ చిన్న టూ స్టార్ కంటే ఎక్కువ కరెంటు తాగొచ్చు.

లేబుల్ అంకె ల్యాబ్‌లో తేలింది, మన వంటింట్లో కాదు. 190ని 365తో భాగిస్తే రోజుకు 0.52 యూనిట్. ప్లగ్‌కు పెట్టే చిన్న మీటర్ కొని మే నెలలో చూస్తే మాది రోజుకు 0.65 చూపించింది. గోడకు ఆనించి పెట్టిన ఫ్రిజ్‌ను ముందుకు జరిపి వెనక జానెడు ఖాళీ వదిలాక 0.6కు దిగింది.