9 లక్షల సీటీసీ, చేతికి 55,800: ఆఫర్ లెటర్ లెక్క విప్పిన నా అనుభవం

ఆఫర్ లెటర్‌లో సీటీసీ, అంటే కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, 9,00,000 అని కనబడగానే ఎవరైనా పన్నెండుతో భాగించి నెలకు 75,000 అనుకుంటారు. హైదరాబాద్‌లో ఉద్యోగానికి వచ్చిన అలాంటి ఆఫర్‌నే నేను కాగితం మీద పెట్టి విప్పాను. చూడాల్సింది మొదటి పేజీలో ఉన్న పెద్ద అంకె కాదు, లెటర్ చివర జతచేసే అనెక్జర్. అందులో మొదట నెలనెలా ఖాతాలో పడనివాటిని కొట్టేసుకుంటూ వచ్చాను.

అన్నిటికంటే పెద్దది వేరియబుల్ పే, ఏడాదికి 90,000. ఇది కంపెనీ ఫలితాలు, మన రేటింగ్ చూసి ఇచ్చేది. పూర్తిగా రావచ్చు, సగమే రావచ్చు. ఇచ్చే తేదీకి నోటీసు పీరియడ్‌లో ఉన్నవాళ్లకు ఇవ్వబోమని చాలా లెటర్లలో ఒక వాక్యం ఉంటుంది, దాన్ని వెతికి చదవాలి. ఇంటి అద్దె, ఈఎంఐ లెక్కల్లోకి నేను దీన్ని అసలు రానివ్వను.

తర్వాత బేసిక్. ఇక్కడ సీటీసీలో సగం, అంటే ఏడాదికి 4,50,000, నెలకు 37,500. మిగతా చాలా అంకెలు దీన్నిబట్టే కదులుతాయి. కంపెనీ కట్టే పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, నెలకు 4,500, ఏడాదికి 54,000. గ్రాట్యుటీ 4.81 శాతం, ఏడాదికి 21,645. ఈ 4.81 ఎక్కడిదంటే, ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం, నెలకు 26 పనిదినాలు అన్న సూత్రం నుంచి వస్తుంది:

```
15 ÷ 26 ÷ 12 = 0.0481
```

సీటీసీలో ఏటా చూపించినా, పర్మనెంట్ ఉద్యోగి మామూలుగా అయిదేళ్లు నిండకుండా మానేస్తే గ్రాట్యుటీ రాదు. రెండు మూడేళ్లకే కంపెనీ మారే ఆలోచన ఉన్నవాళ్లు ఆ 21,645ను జీతంగా చూడకూడదని నా అభిప్రాయం. ఇక గ్రూప్ ఆరోగ్య బీమా ప్రీమియం 8,355.

వేరియబుల్, కంపెనీ పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా, ఈ నాలుగూ కలిపితే 1,74,000. తొమ్మిది లక్షల్లోంచి తీసేస్తే 7,26,000, నెలకు 60,500. ఇదీ అసలు గ్రాస్, అంటే కోతలకు ముందు నెల జీతం. అందులో బేసిక్ 37,500, హెచ్‌ఆర్‌ఏ 15,000, మిగిలిన 8,000 స్పెషల్ అలవెన్స్. స్పెషల్ అలవెన్స్ అంటే ప్రత్యేకమైనదేమీ కాదు, మిగతావన్నీ పేర్చాక లెక్క సరిపోవడానికి పెట్టే అంకె.

చాలామంది ఇక్కడే ఆగిపోయి 60,500 వస్తుందనుకుంటారు. పీఎఫ్ రెండోసారి తగిలేది ఇక్కడే. కంపెనీ వాటా సీటీసీలోంచి ముందే పోయింది, ఇప్పుడు మన వాటా మరో 4,500 గ్రాస్‌లోంచి పోతుంది. తెలంగాణ వృత్తి పన్ను 200. ఆదాయపు పన్ను మాత్రం లేదు. 2025-26 కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీశాక పన్ను పడే ఆదాయం 12 లక్షల లోపుంటే రిబేటు వల్ల పన్ను సున్నా అవుతుంది. వేరియబుల్ మొత్తం వచ్చినా ఈ జీతం ఆ గీత దాటదు.

```
60,500 − 4,500 − 200 = 55,800
```

సీటీసీ మారకుండానే ఈ అంకెను మార్చగలిగేది ఒకటుంది. కొన్ని కంపెనీలు పీఎఫ్‌ను మొత్తం బేసిక్ మీద కాకుండా 15,000 పరిమితి మీదే, అంటే నెలకు 1,800 చొప్పున కడతాయి. అప్పుడు కంపెనీ వాటాలో మిగిలే 2,700 స్పెషల్ అలవెన్స్‌లో కలిసి గ్రాస్ 63,200 అవుతుంది. మన వాటా 1,800, వృత్తి పన్ను 200 పోగా చేతికి 61,200 వస్తుంది. నెలకు 5,400 తేడా. ఇది లాభమూ కాదు, నష్టమూ కాదు. ఆ డబ్బు ఇప్పుడు చేతిలో ఉండాలా, పీఎఫ్ ఖాతాలో పెరగాలా అన్నదే ప్రశ్న. అప్పులేవీ లేకపోతే నేనైతే పీఎఫ్‌లోనే ఉంచుతాను. చేరాక మార్చుకోవడం కష్టం కాబట్టి ఆఫర్ ఒప్పుకోకముందే హెచ్‌ఆర్‌ను అడగాలి.

మొదటి పేస్లిప్ చూసి కంగారుపడేది కూడా పీఎఫ్ దగ్గరే. కొన్ని కంపెనీలు తమ వాటాను ఆదాయాల వైపు చూపించి, కోతల వైపు రెండు వాటాలూ తీసేస్తాయి. అప్పుడు గ్రాస్ 65,000, కోత 9,200 అని కనబడుతుంది. రెట్టింపు కోసినట్టు అనిపించినా నికరం అదే 55,800. ఆదాయాల వైపు కంపెనీ వాటా లేకుండా కోతల్లో మాత్రం 9,000 పీఎఫ్ ఉంటే అది నిజంగా తప్పు, వెంటనే పేరోల్ వాళ్లకు రాయాలి. పీఎఫ్ పాస్‌బుక్‌లో మన వాటా 4,500 ఉండి కంపెనీ వాటా 3,250 మాత్రమే కనిపిస్తే మాత్రం భయం లేదు. పక్కన పెన్షన్ గడిలో మిగతా 1,250 ఉంటుంది.