మావాడి రిసెప్షన్‌లో మైకు పట్టుకున్న ఐదు నిమిషాలు

మా నల్లగొండ పెళ్లిళ్లలో దోస్తు స్టేజీ ఎక్కి మాట్లాడే పద్ధతి లేదు. రిసెప్షన్ అంటే ఫోటోల లైను, డీజే, ఆ తర్వాత బగారా అన్నం, మటన్, అంతే. కానీ పోయిన వైశాఖంలో మావాడి పెళ్లికి అమెరికా నుంచి వచ్చిన వాళ్ల అక్క పట్టుబట్టింది. "అక్కడ బెస్ట్ మ్యాన్ మాట్లాడుతడు, పెళ్లికొడుకును ఆడుకుంటడు, నువ్వే మాట్లాడాలె తమ్మీ" అని. ఆరో తరగతి నుంచి ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో వాడితో కలిసి ఆడినవాణ్ని, కాదనలేకపోయాను. ఏ విషయం మీద ఆడుకోవాలో ఆలోచించాల్సిన పని కూడా లేదు, వాడి క్రికెట్ పిచ్చి ఊరంతా తెలుసు.

మొదటిసారి రాసింది చదివి ఫోన్‌లో టైం చూస్తే పదకొండు నిమిషాలు వచ్చింది. అంతసేపు ఎవరూ నిలబడి వినరు, ఆకలి మీద ఉంటారు. ఐదు నిమిషాలకు మించొద్దని అప్పుడే అనుకున్నాను. కోతలో ముందు పోయింది నాకు బాగా నచ్చిన జోకే. పెళ్లిచూపుల్లో అమ్మాయి సరే అన్నాక కూడా వీడు డీఆర్‌ఎస్ అడిగాడు అని రాసుకున్నాను. రాసేటప్పుడు భలే అనిపించింది. పెళ్లికూతురికి ఫోన్ చేసి చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అన్నా, అది మాత్రం వద్దు, నన్ను చేసుకోవాల్నా వద్దా అని అనుమానపడ్డట్టు ఉంది" అంది. నిజమే. డీఆర్‌ఎస్ అంటేనే అంపైర్ నిర్ణయం మీద నమ్మకం లేక మళ్లీ చూడమని అడిగేది. నేను వాడి మీద వేశాననుకున్న జోకు పోయి ఆమెకు తగిలింది. ఆ రోజు నుంచి ప్రతి జోకునూ ఇది ఎవరికి తగులుతుంది అని చూసుకున్నాను. వాడి పిచ్చికి తగిలితే ఉంచాను, ఆమెకో, వాళ్లింటివాళ్లకో, వాడి ఉద్యోగానికో తగిలితే తీసేశాను.

రెండో ఇబ్బంది, వినేవాళ్లలో సగం మందికి క్రికెట్ తెలియదు. దేవరకొండ వైపు నుంచి వచ్చే పెళ్లికూతురి నాయనమ్మకు ఎల్‌బీడబ్ల్యూ అంటే ఏం అర్థమవుతుంది? అందుకని ఆట తెలియకపోయినా అర్థమయ్యేవే మూడు ఉంచుకున్నాను. ఒకటి ముహూర్తం ముచ్చట. అయ్యగారు మూడు తేదీలు చెప్తే వీడు పంచాంగం పక్కన ఐపీఎల్ షెడ్యూలు పెట్టుకుని కూర్చున్నాడు, వర్జ్యం చూడలేదు, దుర్ముహూర్తం చూడలేదు, ఆ రోజు ఉప్పల్‌లో మ్యాచ్ ఉందా లేదా అనేదే చూశాడు. రెండోది గరిటె. వాడి చేతికి చీపురిచ్చినా గొడుగిచ్చినా కవర్ డ్రైవ్ కొట్టకుండా ఉండడు, వాళ్ల బాబాయి కొడుకు పెళ్లిలో పప్పు వడ్డిస్తూ గరిటెతో ఒక షాట్ ఆడితే ఎదురుగా కూర్చున్న మామయ్య తెల్ల చొక్కా పచ్చగా అయింది. ఇది నోటితో చెప్తే సరిపోదు, చేసి చూపించాలి, అందుకే ఇంట్లో మైకుకు బదులు అప్పడాల కర్ర పట్టుకుని నాలుగుసార్లు చేసి చూసుకున్నాను.

మూడోది 2011 ఏప్రిల్ 2, వాంఖడేలో ప్రపంచ కప్ ఫైనల్. మేమంతా వాళ్లింట్లోనే ఉన్నాం. వాళ్లమ్మ స్కోరెంతరా అని వంటింటి గడప మీద నిలబడి చూస్తోంది, గంభీర్, కోహ్లీ బాగానే ఆడుతున్నారు. ఆమె లోపలికి పోయిందో లేదో కోహ్లీ అవుట్. వీడు లేచి పోయి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మళ్లీ అదే గడప మీద నిలబెట్టాడు. గడప మీద నిలబడొద్దురా అని పిల్లల్ని రోజూ తిట్టే మనిషి, దాదాపు రెండు గంటలు చేతిలో చపాతీ పిండితో అక్కడే ఉండిపోయింది, ధోనీ ఆ సిక్స్ కొట్టేదాకా. "దేశమంతా ధోనీ గెలిపించాడు అనుకుంటోంది, కానీ కప్పు తెచ్చింది మా అమ్మ" అన్న మాట దగ్గర ఆమె వైపు చెయ్యి చూపించాలని కాగితం మీద బాణం గుర్తు వేసుకున్నాను.

అసలు కష్టం చివర. ఇంతసేపు నవ్వించి ఒక్కసారిగా మనసులో మాటకు ఎట్లా రావాలి? "జోకులు పక్కన పెడితే" అని రాశాను, పైకి చదివితే అప్పటిదాకా చెప్పిందంతా ఉత్తదే అన్నట్టు వినిపించింది, కొట్టేశాను. మూడు రోజులు అక్కడే ఆగిపోయాను. తర్వాత తట్టింది, నేను చెప్పే మూడు ముచ్చట్లూ ఒకే మాట చెప్తున్నాయి, వీడు దేనికోసమూ మ్యాచ్ వదలడు అని. అయితే వాడు వదిలేసిన ఒక్క మ్యాచ్ గురించి చెప్తే చాలు కదా.

2023 నవంబర్ 19, అహ్మదాబాద్‌లో ప్రపంచ కప్ ఫైనల్. వాళ్ల గల్లీలో పెద్ద తెర వాడే కట్టించాడు. మన బ్యాటింగ్ సగంలో ఉండగా మా బాపుకు గుండెలో నొప్పి వచ్చింది. నేను ఫోన్ చేసిన ఐదు నిమిషాల్లో వాడి కారు మా వాకిట్లో ఉంది. హైదరాబాద్ దాకా వంద కిలోమీటర్లు వాడే నడిపాడు, దారి పొడుగునా స్కోరు అడగలేదు. ఆస్పత్రి హాల్లో గోడకు టీవీ ఉంది, అందరూ అటే చూస్తున్నారు. వీడు కుర్చీ తిప్పుకుని టీవీకి వీపు పెట్టి, లోపలికి పోయే తలుపు వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. వెనక జనం అయ్యో అంటున్నారు, ఆస్ట్రేలియా ట్రావిస్ హెడ్ కొడుతున్నాడని ఎవరో తిడుతున్నారు, వీడు తిరగలేదు. డాక్టర్ బయటికి వచ్చి గండం గడిచింది అనేసరికి మ్యాచ్ ఎప్పుడో అయిపోయింది. ఇది అందరి ముందు చెప్పొచ్చా అని ముందే బాపును అడిగాను, "చెప్పు బిడ్డా" అన్నాడు.

రిసెప్షన్ రోజు రాత్రి దేవరకొండ రోడ్డులో ఫంక్షన్ హాల్. సాయంత్రమే పోయి డీజే అబ్బాయితో, వీడియో అన్నతో మాట్లాడి ఎనిమిదిన్నరకు ఐదు నిమిషాలు పాట ఆపాలని, ఫోటోల లైను ఆపాలని చెప్పుకున్నాను. స్పీకర్‌కు ఎదురుగా నిలబడితే మైకు కుయ్యిమంటోంది, పక్కకు జరిగి నిలబడే చోటు కూడా చూసుకున్నాను. మొదటి అర నిమిషం ఎవరూ వినరని అనుకుని పెద్దలకు నమస్కారాలు, పేరు, ఊరు అందులోనే పెట్టాను, మంచిదైంది, హాలు సద్దుమణగడానికి సరిగ్గా అంతే పట్టింది. ముహూర్తం ముచ్చటకు నాయనమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. గరిటె దగ్గర పిల్లలు ఈలలు వేశారు. గడప దగ్గర వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ మనిషి ఒక్క మ్యాచ్ మాత్రం చూడలేదు" అనగానే వాడికి అర్థమైపోయింది, తల దించుకున్నాడు. కుర్చీ తిప్పుకున్న దగ్గర నా గొంతు పట్టుకుంది, కాగితం చూసినా అక్షరాలు కనపడలేదు, ఆగాను, ఎవరూ చప్పుడు చేయలేదు. చివరి మాట ఒక్కటే రాసుకున్నాను. "చెల్లే, మా బాపు ఈ రోజు ముందు వరసలో కూర్చున్నాడంటే నీ పక్కన నిలబడ్డవాడి వల్లే. వాడు నా దోస్తు."

వాడు వచ్చి గట్టిగా పట్టుకున్నాడు. ఏదో అంటాడనుకున్నాను. చెవి దగ్గర మెల్లగా "బాపు తిన్నడా?" అన్నాడు. ఇంకా లేదన్నాను. ఫోటోల లైను అట్లాగే నిలబడి ఉంది, వాడు మెడలో దండతోనే స్టేజీ దిగి, బాపు చెయ్యి పట్టుకుని భోజనాల వైపు తీసుకెళ్లాడు.