'మరోసారి గుర్తు చేస్తున్నాను'

నిన్న పర్చేజ్ టీమ్‌లో ఒకాయనకు మెయిల్ రాశాను. "ఇదివరకే రెండుసార్లు చెప్పినట్టు, బిల్లులు 25 లోపు పంపాలి. మీరు చాలా బిజీ అని తెలుసు, ఈసారైనా గమనించగలరు." సీసీలో మా మేనేజర్. రాస్తుంటే భలే తృప్తిగా ఉంది, అబద్ధమెందుకు!

పంపేముందు పక్క సీటు అక్కకు చూపించాను. "ఇది బిల్లుల గురించా, ఆయన గురించా?" అంది.

'ఇదివరకే', 'ఈసారైనా', ఆ బిజీ ముక్క తీసేశాను. తీసేసి మళ్లీ రాస్తే వచ్చింది "వీలుంటే కాస్త త్వరగా పంపండి" అని. ఇది ఇంకా దండగ. వీలుంటే అన్నాక వీలు కాలేదంటే సరిపోతుంది కదా. అసలు నాకొచ్చిన ఇబ్బంది ఏమిటో రెండిట్లోనూ లేదు.

మూడోసారి ఇలా రాశాను: "ఈ నెల వచ్చిన 14 బిల్లుల్లో 5 బిల్లులు 29న అందాయి. 30న క్లోజింగ్ కాబట్టి వాటిని సరిచూసే టైం లేక వచ్చే నెలకు వెళ్లాయి. ఆ వెండర్లకు పేమెంట్ ఆగింది. వచ్చే నెల నుంచి 25కల్లా పంపగలరా? కుదరకపోతే ఎక్కడ ఆగుతోందో చెప్పండి, కలిసి చూద్దాం."

'ఆలస్యం' అన్న మాటే వాడలేదు, తేదీలే చెప్పేస్తాయి. సీసీ కూడా తీసేశాను. మళ్లీ ఇలాగే జరిగితే అప్పుడు పెడదాం.

గంటలో ఫోన్ చేశాడు. సరుకు దిగినట్టు సైట్‌లో సంతకం పడేసరికే నాలుగు రోజులు పోతోందట. ఇప్పుడు సైట్ వాళ్లకు మెయిల్ రాయాలి. వేళ్లు మళ్లీ 'ఇదివరకే' వైపు పోతున్నాయి.