తన పిండం తానే పెట్టుకోవడం

2025 అక్షయ తృతీయ నాడు, అంటే ఏప్రిల్ 30న, మన అన్నవరం నుంచి వెళ్ళిన దుడ్డు గణేశ శర్మ ద్రావిడ్ గారు కంచిలో సన్యాసం తీసుకుని సత్య చంద్రశేఖరేంద్ర సరస్వతి అయ్యారు కదా, కామాక్షి అమ్మవారి గుడి కోనేట్లో జరిగిన ఆ వీడియోలు మనవాళ్ళు చాలామందే చూశారు. అందరి కళ్ళూ కాషాయం మీదే. కానీ ఆ బట్ట చేతికొచ్చేది చివర్లో, అసలు కథంతా దానికి ముందే అయిపోతుంది.

అద్వైత సంప్రదాయంలో పద్ధతి చెప్తాను. ముందు అష్ట శ్రాద్ధాలు పెట్టాలి. దేవతలకి, ఋషులకి, దివ్యులకి, మనుష్యులకి, భూతాలకి, పితృదేవతలకి, మాతృవర్గానికి, ఎనిమిదోది ఆత్మ శ్రాద్ధం. అంటే తన పిండం తానే పెట్టుకోవాలి, బతికుండగానే! రేపు నేను పోయాక పెట్టడానికి కొడుకు ఉండడు, ఉన్నా వాడికి ఆ పని ఉండదు అని లెక్క తేల్చేసుకోవడం అన్నమాట. అందుకే సన్యాసిని దహనం చెయ్యరు, సమాధి చేస్తారు, ఏటేటా తద్దినం బదులు ఆరాధన జరుగుతుంది.

తర్వాత రాత్రి విరజా హోమం. నెయ్యి, సమిధలు, చరువు వేస్తూ "ప్రాణాపాన వ్యానోదాన సమానా మే శుధ్యంతాం, జ్యోతిరహం విరజా విపాప్మా భూయాసగ్ స్వాహా" అని మొదలెట్టి చర్మం, మాంసం, రక్తం, ఎముకలు, మనసు, మాట ఇలా తనలో ఉన్నవన్నీ వరసగా పేరు పెట్టి శుద్ధి కావాలని అడుగుతాడు. మహానారాయణోపనిషత్తులో ఉన్న మంత్రాలే ఇవి.

తెల్లవారాక నీళ్ళలో దిగి ప్రైషం చెప్పాలి, "ఓం భూః సన్న్యస్తం మయా, ఓం భువః సన్న్యస్తం మయా, ఓం సువః సన్న్యస్తం మయా", అంటే మూడు లోకాలూ వదిలేశాను అని, ఒకసారి మెల్లగా, ఒకసారి మామూలు గొంతుతో, ఒకసారి గట్టిగా. ఈ లోకంలో ఆస్తులే కాదు, పైలోకాల్లో రావాల్సిన పుణ్యం కూడా వద్దనేశాడన్నమాట, నాకైతే ఇల్లు వదలడం కన్నా ఇదే పెద్ద విషయం అనిపిస్తుంది, ఎందుకంటే మనం చేసే పూజల్లో సగం ఆ ఖాతా కోసమే కదా! పిలక, జంధ్యం కూడా అక్కడే పోతాయి. (శ్రీవైష్ణవ జీయర్లకి మాత్రం రెండూ ఉంటాయి, చేతిలో త్రిదండం ఉంటుంది, వాళ్ళ పద్ధతి వేరు.)

అప్పుడు దోసిట్లో నీళ్ళు తీసుకుని "అభయం సర్వభూతేభ్యో మత్తః స్వాహా" అని వదులుతాడు. నా వల్ల ఏ ప్రాణికీ భయం లేదు అని మాటివ్వడం. నన్నడిగితే సన్యాసం అంటే ఈ ఒక్క దోసెడు నీళ్ళే. పెళ్ళాం పిల్లలున్నవాడు వాళ్ళ కోసమైనా ఎవడో ఒకడితో పోటీ పడాలి, పొలం గట్టు దగ్గర తగాదా పడాలి, కనీసం వంటింట్లో చీమల్నైనా తుడవాలి. నిప్పు రాజేసుకుని వండుకోవడం కూడా సన్యాసికి లేదు, భిక్షే. ఆ మాట నిలబెట్టుకోవాలంటే ఇల్లు ఉండి కుదరదు, అందుకే ఇల్లు వదలడం.

ఆ తర్వాత ఒంటి మీద నూలుపోగు లేకుండా ఉత్తర దిక్కుగా కొన్ని అడుగులు వేస్తాడు, గురువు ఆగమని వెనక్కి పిలిచి కౌపీనం, కాషాయం, దండం ఇస్తారు.

మరి ఎవరు తీసుకోవాలి? "యదహరేవ విరజేత్ తదహరేవ ప్రవ్రజేత్" అంటుంది జాబాలోపనిషత్తు, విరక్తి కలిగిన రోజే వెళ్ళిపో అని. ఈ మాట పట్టుకుని అప్పులపాలై, ఇంట్లో గొడవపడి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు, అది మర్కట వైరాగ్యం. కోపం చల్లారగానే ఇల్లు గుర్తొస్తుంది, కానీ వెనక్కొస్తే ఆరూఢపతితుడు అంటారు, శాస్త్రంలో అంతకన్నా చెడ్డపేరు లేదు. యాజ్ఞవల్క్యుడు అలా వెళ్ళలేదు, ఉన్న సొత్తు భార్యలు మైత్రేయికీ కాత్యాయనికీ పంచుతానని ముందే కూర్చోబెట్టి చెప్పాడు. "ఈ భూమంతా డబ్బుతో నిండినా నేను అమృతత్వం పొందుతానా" అని మైత్రేయి అడిగిన ప్రశ్న ఉందే, అదీ అసలు కారణం. ఆడవాళ్ళు అడగలేదని ఎవరంటారు! రామకృష్ణ పరమహంస సంప్రదాయంలోని శ్రీ శారదా మఠంలో 1959 నుంచి స్త్రీలు సన్యాసం తీసుకుంటూనే ఉన్నారు.

ఇంట్లోవాళ్ళ సంగతికొస్తే, నిన్నటిదాకా కొడుకు, ఇవాళ తండ్రే వచ్చి కాళ్ళకి దండం పెట్టాలి. తల్లికి మాత్రం సన్యాసే దండం పెడతాడు, ఆ ఒక్క బంధం శాస్త్రం కూడా తెంపలేకపోయింది. శంకరులు ఆర్యాంబకి అంత్యక్రియలు చేశారని మనందరికీ తెలిసిందే. మామూలు సన్యాసికి తల్లిదండ్రులు పోయినా పదిరోజుల మైల ఉండదు, కబురు అందగానే కట్టుబట్టలతో ఒక్క స్నానం, అంతే.