నొక్కాల్సింది బొడ్డు కింద: నా లాంగ్ కేస్ అనుభవం

నిన్నటితోని మెడిసిన్ ప్రాక్టికల్స్ అయిపోయినయ్. షార్ట్ కేసులు సాఫీగనే పోయినయ్, ఎక్స్‌రేలు గూడ పర్వాలె. ఇజ్జత్ పోయింది లాంగ్ కేస్ కాడ. కోపం చల్లారకముందే రాస్తున్న.

నాకొచ్చిన పేషెంటుది పరకాల దిక్కు ఊరు, 52 ఏండ్లు, ఊరి చెరువుకు నీరటి. ఇరవై ఏండ్ల సంది తాగుతుండు, మొదట గుడుంబ, తర్వాత సీసా. రెండు వారాల కింద నెత్తురు కక్కుకుంటే ఎండోస్కోపీ చేసి, అన్నవాహిక కింది భాగంల ఉబ్బిన సిరలకు బ్యాండ్లు ఏసిండ్రు. కడుపుల నీళ్లున్నయ్, ప్లీహం చేతికి తగులుతున్నది, బొడ్డు చుట్టు నీలం సిరలు. చూడంగనే సంబురమైంది. పోర్టల్, సిస్టమిక్ సిరలు కలిసే జాగల పట్టిక మొదటేడు నుంచి నాకు నోటికొస్తది.

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ సారు ముందు కారణమడిగిండు. పేగుల నుంచి, ప్లీహం నుంచి నెత్తురంత పోర్టల్ సిరల పడి లివర్‌కు పోతది, సిరోసిస్‌ల మచ్చలు, గడ్డలు లివర్ లోపటి సన్నని దారులను ఒత్తేస్తయ్, నెత్తురుకు తొవ్వ దొరకదు అని చెప్పిన. దానికి తోడు పేగుల రక్తనాళాలు వెడల్పయి, వచ్చే నెత్తురు గూడ ఎక్కువైతది. పోర్టల్ సిరలకు కవాటాలు లేవు కాబట్టి నెత్తురు ఎనుకకు మళ్లి, పక్క సిరలల్లకు పోతది. లివర్‌కు ముందు, ఎనుక ఒత్తిడిల తేడా మామూలుగ 5 మి.మీ. పాదరసం లోపే ఉంటది. 10 దాటితే ఇట్ల ఉబ్బే సిరలు, అంటే వేరిసెస్, పుడతయ్, 12 దాటితే పగిలే భయముంటది. సారు తలకాయ ఊపిండు. గెలిచిన అనుకున్న.

"ఈ బొడ్డు సిరలల్ల నెత్తురు ఎటు పోతున్నది?" అని అడిగిండు.

"బొడ్డు నుంచి బయటికి సార్."

"పుస్తకంల ఏమున్నదో నాకు ఎరుకే. ఈయన కడుపు ఏం చెప్తున్నది?"

నేను పరీక్షించనే లేదు. అందరి ముందు అప్పుడు చెయ్యమన్నడు. కొమ్మలు లేని సిర ముక్క ఒకటి చూసుకొని, రెండు చూపుడు వేళ్లు పక్కపక్కన పెట్టి నొక్కి, దూరం జరుపుకుంట మధ్యల నెత్తురు ఊడ్చెయ్యాలె. తర్వాత ఒక్క వేలు ఎత్తాలె. సిర టక్కున నిండితే నెత్తురు ఆ దిక్కు నుంచే వస్తున్నట్టు. నిండకపోతే మళ్లీ ఊడ్చి రెండో వేలు ఎత్తాలె. చేతులు వణుకుతున్నా మంచిగనే చేసిన. కింది వేలు ఎత్తంగనే నిండింది. "పైకి పోతున్నది సార్, క్యాపట్ మెడ్యూసే!" అన్న ధీమాగ. లివర్ రోగంతోని బొడ్డు చుట్టు ఉబ్బే సిరలకు అదే పేరు.

"మరి కడుపుల పెద్ద సిర, ఇన్‌ఫీరియర్ వీనాకేవా, మూసుకపోయిందేమో?"

నోట మాట రాలే. ఒక నిమిషం గడిచింది. పక్కన నిలబడ్డ పీజీ అన్న నవ్వు ఆపుకుంటుండు. అప్పుడు పండుకున్న పేషెంటే అన్నడు, "బిడ్డా, పొద్దుగాల ఆ సారు పిల్లలు అందరు కింద నొక్కిండ్రు, నువ్వే మీద నొక్కినవ్."

నేను బొడ్డుకు పైన నొక్కిన. అక్కడ రెండు రోగాలల్ల గూడ నెత్తురు పైకే పోతది, ఏం తేలదు. తేడా తెలిసేది బొడ్డు కిందనే. సిరోసిస్‌ల బొడ్డు కాడికొచ్చిన నెత్తురు నలుదిక్కులకు పంచుకుంటది, అందుకే కింది సిరలల్ల తొడ దిక్కు దిగుతది. పెద్ద సిర మూసుకపోతే కాళ్ల నెత్తురు కడుపు చర్మం మీదికెళ్లి పైకి ఎక్కుతది. కింద నొక్కి చూసిన, పై వేలు ఎత్తితే నిండింది. అంటే కిందికి దిగుతున్నది, క్యాపటే. జవాబు మొదటి నుంచి కరెక్టే, కానీ రుజువు తప్పు జాగల చేసిన. మా సీనియర్ల నోట్సుల "వేళ్లతో పరీక్షించాలి" అని రాసి ఊకున్నరు, ఎక్కడనో రాయలే. ఆ నోట్సు 200 పెట్టి కొన్న!

తర్వాత అడిగిన దానికి మాత్రం సారు ముఖం మారింది. చిన్న పిల్లగానికి లివర్ బయటనే పోర్టల్ సిరల గడ్డ కట్టి నెత్తురు కక్కుకుంటే, వానికి క్యాపట్ ఉంటదా? అర నిమిషం ఆలోచించి ఉండదన్న. బొడ్డు పక్కపొంటి సిరలు పోర్టల్ సిర ఎడమ కొమ్మ నుంచి మొదలైతయ్. గడ్డ దానికన్న ముందు ఉంటే ఆ ఒత్తిడి అక్కడిదాంక చేరదు. అన్నవాహికకు పోయే సిర గడ్డకు ఇవతలి దిక్కు కాబట్టి అది ఉబ్బుతది. ఇది ఏ నోట్సుల లేదు, నా బుర్రల నుంచే వచ్చింది.

మళ్ల మొలల కాడ దొరికిపోయిన. "సిరోసిస్‌ల మొలలు వస్తయ్" అన్న. సారు గట్టిగనే అన్నడు. మొలలంటే మలద్వారంల అందరికి ఉండే మెత్తలు ఉబ్బి కిందికి జారుడు, సిరోసిస్ ఉన్నంత మాత్రాన అవి ఎక్కువ రావు. పోర్టల్ ఒత్తిడితోని పైనున్న రెక్టల్ సిర, కిందున్న రెక్టల్ సిరలు కలిసేకాడ ఉబ్బేవి రెక్టల్ వేరిసెస్. వేలుతోని నొక్కితే ఖాళీ అయి, తీస్తే నిండుతయ్. బయటికి జారవు, రెక్టం లోపటిదాంక సాగుతయ్. వాటిని మొలలనుకొని కోస్తే నెత్తురు ఆగుడు కష్టం. మరి అనాటమీ పరీక్షల "పైల్స్" అని రాయకపోతే మార్కు పోతదని మాతోని బట్టీ పట్టించింది ఎవరు? ఆ టీచర్ల మీద నా కోపం అసలు తగ్గలే. జూనియర్లు ఏం చెయ్యాలెనంటే, పేపర్ల పైల్స్ అని రాయిండ్రి, పేషెంటు కాడ ఆ మాట అనకుండ్రి.

ఆఖరుకు సారు పేషెంటు భార్యను పిలిచి నిద్ర సంగతి అడిగిండు. "రాత్రంత కూసుంటడు సారూ, పగలంత పండుకుంటడు," అన్నది. హిస్టరీల నేనిది అడగలే. పేగుల అమోనియా లివర్‌ల శుద్ధి కాకుండ పక్క దారులకెళ్లి నెత్తుట్ల కలిసి మెదడుకు చేరుతది, మొదట తప్పేది నిద్రే. చేతులు చాపి, మణికట్లు పైకెత్తి పట్టమంటే కొద్దిగ అల్లాడినయ్.

బయటికొచ్చినంక మళ్లీ ఆయన మంచం కాడికి పోయిన. "బాపూ, మీకు నొప్పైందా?" అంటే, "నొప్పేం లేదు గని, నాకు ఏమైందో నువ్వన్న చెప్పు," అన్నడు. తూము పూడుకపోయింది, నీళ్లు మత్తడి దిక్కు దుంకుతున్నయ్ అన్న. ఆయనకు వెంటనే అర్థమైంది.

"మత్తడి మీదికెళ్లి పోయిన నీళ్లు పొలాలకు పారయి కద. అందుకేనా నాకు బుర్ర పనిచేస్తలే?"

అవునన్న.

"మరి తూము తియ్యరాదా?"

మెడ సిరలకెళ్లి పోయి లివర్ లోపట గొట్టం పెట్టే పద్ధతి ఉన్నది, టిప్స్ అంటరు అని చెప్పిన. అది పెడితే ఒత్తిడి దిగుతది, వేరిసెస్ సల్లబడతయ్. కానీ నెత్తురు లివర్‌ను ఇంకా దాటేసి పోతది, మత్తు ఎక్కువైతది.

"అంటే తూము తీసుడు కాదది బిడ్డా," అన్నడు, "కట్టకు గండి కొట్టుడు."